78 పరీక్షల ప్యాకేజీ: కొన్నేళ్లు వాడాక

కొన్నేళ్లుగా అమ్మానాయినలకు ఒక ల్యాబ్ కంపెనీ వాళ్ల 78 పరీక్షల ప్యాకేజీ చేయిస్తూ వచ్చాం. నల్లగొండలో మా ఇంటికి తెల్లారేసరికే వచ్చి రక్తం తీసుకెళ్తారు, శాంపిల్ హైదరాబాద్ పోతుంది, రాత్రికల్లా రిపోర్ట్ ఫోన్‌లో ఉంటుంది. ఆ విషయంలో ఈ కంపెనీకి వంక పెట్టలేను. నా కోపమంతా ఆ 78 అనే అంకె మీదే.

మొన్నటిసారి నాయిన రిపోర్ట్‌లో మొత్తం కొలెస్ట్రాల్ 212, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్స్ 430, ఎల్‌డీఎల్ 90 అని వచ్చాయి. చెడు కొలెస్ట్రాల్ అనే ఆ ఎల్‌డీఎల్ వందలోపే ఉందని ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. డాక్టర్ మాత్రం ఆ 90ని పెన్నుతో కొట్టేశారు. అది మెషిన్ కొలిచింది కాదట, లెక్కగట్టింది. ట్రైగ్లిజరైడ్స్‌ను అయిదుతో భాగిస్తే 86, అది వీఎల్‌డీఎల్ అనే ఇంకో రకం కొలెస్ట్రాల్‌కు అంచనా. 212లోంచి 36, 86 తీసేస్తే మిగిలేది 90. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క నమ్మకూడదు, ఎల్‌డీఎల్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది అన్నారు. గడియారం సెంటర్ దగ్గరి ల్యాబ్‌లో డబ్బులు కట్టి డైరెక్ట్ ఎల్‌డీఎల్ చేయిస్తే 121 వచ్చింది. మందు మారింది.

అప్పుడు రిపోర్ట్ మళ్లీ మొదటి నుంచి చదివాను. కొలెస్ట్రాల్ కింద ఎనిమిది పరీక్షలని రాశారు. నిజంగా కొలిచినవి మూడే. మిగతా అయిదూ కూడికలు, తీసివేతలు, నిష్పత్తులు. లివర్ పరీక్షల్లో గ్లోబ్యులిన్, ఇన్‌డైరెక్ట్ బిలిరుబిన్ కూడా తీసివేతలే. మూడు నెలల షుగర్ పక్కన వచ్చే 'సగటు గ్లూకోజ్' కూడా ఆ ఒక్క ఫలితం నుంచి లెక్కేసిందే. వీటికి ల్యాబ్‌కు పైసా ఖర్చు లేదు కానీ పరీక్షల సంఖ్య మాత్రం పెరుగుతుంది. కొట్టేసిన 4,500 పక్కన 1,799 అని వేసినప్పుడు చవకగా అనిపించేది అందుకే.

అలాగని మొత్తం మోసమని అనను. మనిషిని పంపడం, సూది, ట్యూబుల ఖర్చు ఒక పరీక్షకైనా ముప్పైకైనా దాదాపు అంతే. కాబట్టి కలిపి చేస్తే ధర నిజంగానే తగ్గుతుంది. విటమిన్ డి, బి12 కిట్లు ఖరీదైనవి. రోజుకు ఒకటి రెండు శాంపిళ్లొచ్చే చిన్న ల్యాబ్‌కు వాటి కోసం మెషిన్ సరిచూసుకునే ఖర్చు కూడా ఆ ఒకరిద్దరి మీదే పడుతుంది. వేలల్లో చేసే ల్యాబ్‌కు అది పంచుకుపోతుంది. మన ఊళ్లో చాలా ల్యాబ్‌లు వాటిని బయటికి పంపేది అందుకే. ఒకే పరీక్షకు రెండు చోట్ల రెండు ధరలుండటానికి ఇదొక పెద్ద కారణం.

అమ్మకు షుగర్, థైరాయిడ్ రెండూ ఉన్నాయి, విటమిన్లు కూడా చూడమన్నారు. ఆమెకు ఈ ప్యాకేజీయే కొనసాగిస్తున్నాం. నాయినకు మానేశాం. ఆయనకు కావాల్సిన మూడు నాలుగు పరీక్షలు, డైరెక్ట్ ఎల్‌డీఎల్‌తో సహా, ఊళ్లోనే విడిగా చేయిస్తే తక్కువకే అవుతోంది. సర్కారు దవాఖానలో చూపించుకునేవాళ్లు ముందు తెలంగాణ డయాగ్నొస్టిక్స్‌లో ఉచితంగా ఏవేవి చేస్తారో అక్కడి డాక్టర్‌ను అడగండి.