క్రేసీ, అజాంకూర్ యుద్ధభూములు: దేనికి ఎంత సమయం, ఎక్కడ బస

నూరేళ్ల యుద్ధంలో ఇంగ్లిష్ సైన్యం ఫ్రెంచి సైన్యాన్ని ఓడించిన రెండు చోట్లు క్రేసీ, అజాంకూర్. ఉత్తర ఫ్రాన్స్‌లో వీటి మధ్య రోడ్డు దూరం సుమారు 35 కిలోమీటర్లు. రెంటినీ ఒకే రోజులో చుట్టి రావచ్చు. కానీ హడావుడిగా చూస్తే రెండూ ఉత్త పొలాల్లాగే ఉంటాయి. బాణాలు కవచాన్ని చీల్చేశాయన్న ఊహతో వెళ్లినవాళ్లకు ఆ పొలాలు ఏమీ చెప్పవు. విలుకాళ్లు ఎక్కడ నిలబడ్డారు, గుర్రాలకు దారి ఎక్కడ ఇరుకైంది అని వెతికేవాళ్లకు మాత్రం చాలా దొరుకుతుంది.

ముందు క్రేసీకి వెళ్లడం మేలు. అక్కడ యుద్ధం జరిగింది 1346 ఆగస్టు 26న. ఊరి నుంచి వాడికూర్ వైపు పోయే రోడ్డు పక్కన చెక్కతో కట్టిన చూపుమంచె ఉంది. ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ గాలిమర దగ్గర నిలబడి యుద్ధం నడిపాడని చెప్పే చోటే దాన్ని కట్టారు. పైకెక్కితే ఎదురుగా పల్లం, దాని అవతల ఫ్రెంచివాళ్లు వచ్చిన వైపు కనిపిస్తాయి. అసలు యుద్ధం ఇక్కడ కాదు, ఇంకా దక్షిణాన జరిగిందని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. ఆ వాదన తేలే దాకా ఈ మంచే దిక్కు.

చాలామంది మంచె దిగి, ఫొటో తీసుకుని కారెక్కేస్తారు. అసలు చూడాల్సింది పల్లం అవతలి అంచున ఉన్న గట్టు. కొన్నిచోట్ల అది మనిషెత్తుకు మించి నిటారుగా ఉంటుంది. గుర్రం మీద దాన్ని దిగడం కుదరదు. కాబట్టి ఫ్రెంచి నైట్లు, అంటే కవచం తొడిగిన గుర్రపు వీరులు, గట్టు లేని చోటు నుంచి పల్లంలోకి దిగి, లోపల మలుపు తిరిగి, ఇంగ్లిష్ వరుసల మీదికి ఎక్కాల్సి వచ్చింది. బారులు తీరి ఒక్క ఊపున దూకాల్సిన దళం గుంపులు గుంపులుగా, ఒకదాని వెనక ఒకటి, వాలు ఎక్కుతూ వచ్చింది. ఇంగ్లిష్ విలుకాళ్ల పొడవాటి విల్లులు, లాంగ్‌బోలకు కావలసింది సరిగ్గా అదే. గుర్రాలకు అప్పటికి ఒళ్లంతా కప్పే కవచం లేదు. నైట్ ఛాతీ మీద తగిలిన బాణం జారిపోవచ్చు గాని, గుర్రం పక్కటెముకల్లో దిగిన బాణం జారిపోదు. పడిన గుర్రాలు వెనక వచ్చేవాటికి అడ్డమయ్యాయి.

ఫ్రెంచివాళ్ల దగ్గర విలుకాళ్లు లేక కాదు. ఇటలీలోని జెనోవా నుంచి కూలికి తెచ్చుకున్న క్రాస్‌బో దళం అందరికంటే ముందు నడిచింది. క్రాస్‌బో అంటే కర్రకు అడ్డంగా బిగించిన విల్లు. అప్పట్లో దాన్ని ఎక్కుపెట్టాలంటే దాని కొసన ఉన్న ఇనుప రికాబులో కాలు పెట్టి, వంగి, నడుముకు కట్టిన కొక్కేనికి తాడు తగిలించి, లేచి నిలబడాలి. అందుకని నిమిషానికి రెండు బాణాలు పడితే గొప్ప. అదే సమయంలో లాంగ్‌బో పట్టినవాడు ఆరింటికి తగ్గకుండా వేయగలడు. వంగినప్పుడు కాపు కాయడానికి మనిషెత్తు డాలు నిలబెట్టుకోవడం జెనోవావాళ్ల పద్ధతి. ఆ రోజు డాళ్లు వెనకాల సామాను బళ్లలో ఉండిపోయాయి. ఎక్కాల్సింది ఎత్తు, కళ్లలో సాయంకాలపు ఎండ. వాళ్లు వెనక్కి తిరిగితే ద్రోహులనుకుని ఫ్రెంచి నైట్లే గుర్రాలతో తొక్కించారు. దీన్ని క్రాస్‌బో ఓటమి అనడం సరికాదు. కోట గోడల మీద, డాళ్ల చాటున అదే ఆయుధం శతాబ్దాల పాటు బాగానే పనిచేసింది. పైగా చిన్నప్పటి నుంచి సాధన చేయకపోయినా దాన్ని పట్టొచ్చు.

క్రేసీకి రెండు గంటలు కేటాయిస్తే మంచెతో పాటు పల్లంలోకి కొంత దూరం నడవచ్చు. ఫాంటెన్ సుర్ మే వైపు రోడ్డు మీద పాత రాతి శిలువ ఉంది. చూపు పోయినా యుద్ధంలోకి వచ్చి చనిపోయిన బొహీమియా రాజు జాన్ జ్ఞాపకంగా పెట్టారు. కారు ఆపడానికి చోటు తక్కువ కాబట్టి ఐదు నిమిషాలు చాలు. పొలాలు సొంతదారులవి, పైరున్నప్పుడు బాటల మీదే ఉండాలి. మొక్కజొన్న వేసిన ఏడాది వేసవి చివర్లో వెళ్తే కింద నుంచి ఏమీ కనిపించదు, మంచె మీద నుంచే చూడాలి.

అజాంకూర్‌లో నేల ఇంత గట్టిగా మాట్లాడదు. అక్కడ పొలం దాదాపు చదును. 1415 అక్టోబరు 25న అటు అజాంకూర్ అడవికీ ఇటు ట్రామ్‌కూర్ అడవికీ మధ్య కిలోమీటరుకు కాస్త లోపు వెడల్పున్న మేరలో యుద్ధం జరిగింది. కొత్తగా దున్నిన నేల, రాత్రంతా వాన. తొలకరి తర్వాత నల్లరేగడిలో నడిచినవాళ్లకు ఆ బురద సంగతి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇక్కడికి ఎండాకాలంలో కంటే అక్టోబరు చివర్లో వెళ్తే ఎక్కువ అర్థమవుతుంది. మడమల పైదాకా వచ్చే బూట్లు తప్పనిసరి.

క్రేసీ నుంచి ఫ్రెంచివాళ్లు పాఠం నేర్చుకోలేదనడం అన్యాయం. ముందు దళంలో ఎక్కువమందిని గుర్రాలు దింపి కాలినడకన నడిపించారు. విలుకాళ్లను చెదరగొట్టడానికి రెండు పక్కలా గుర్రపు దళాలు పెట్టారు. కానీ ఆ దళాల్లో రావాల్సినంతమంది రాలేదు, అడవుల వల్ల పక్క నుంచి చుట్టిరావడానికీ వీల్లేదు. ఎదురుగా ఇంగ్లిష్ విలుకాళ్లు రెండు కొసలా చెక్కిన కర్ర మేకులు ఏటవాలుగా పాతుకుని ఉన్నారు. ఇంగ్లండ్ రాజు అయిదో హెన్రీ ముందు ఒకచోట మేకులు పాతించి, ఫ్రెంచివాళ్లు కదలకపోయేసరికి వాటిని పీకించి, బాణం అందే దూరానికి జరిగి మళ్లీ పాతించాడు. ఫ్రెంచి గుర్రపు దళం దూకాల్సిన క్షణం అదే, దూకలేదు. తర్వాత దూకినప్పుడు గాయపడ్డ గుర్రాలు వెనుదిరిగి సొంత కాల్బలం మధ్యలోకే పరుగెత్తాయి. ఆ కాల్బలం 20 కిలోలు దాటిన కవచంతో, బాణాలు కళ్లకు తగలకుండా ముసుగు దించి, తల వంచి బురదలో నడిచింది. చేరేసరికి ఊపిరి లేదు, పక్కవాడితో ఒరుసుకుపోయి కత్తి ఎత్తే చోటూ లేదు. అప్పుడు విలుకాళ్లు విల్లు పక్కన పడేసి సుత్తులు, బాకులు పట్టారు. ఫ్రెంచివాళ్ల క్రాస్‌బోలు మాత్రం తమ సైన్యం వెనకే ఇరుక్కున్నాయి. క్రేసీలో డాలు లేకుండా ముందుకు తోసినవాళ్లను ఇక్కడ ఎవరికీ అందని చోట నిలబెట్టారు.

ఊళ్లోని మ్యూజియం 2019లో కొత్త రూపు దిద్దుకుంది. ముఖభాగమే వంచిన విల్లుల వరుస. పొలంలో కనిపించనిది ఇక్కడ బొమ్మలతో, వీడియోలతో అర్థమవుతుంది కాబట్టి ముందు మ్యూజియం, తర్వాత పొలం చూడాలి. తెరిచే వేళలు కాలాన్ని బట్టి మారతాయి, వెళ్లేముందు చూసుకోండి.

బసకు హెస్డిన్ పట్టణం అనువు. అజాంకూర్‌కు చాలా దగ్గర, క్రేసీకి అరగంట ప్రయాణం. రైల్లో వచ్చేవాళ్లకు అబ్‌విల్ మేలు. అక్కడి నుంచి క్రేసీ సుమారు 20 కిలోమీటర్లు. అయితే పల్లె బస్సులను నమ్ముకుంటే రోజు పోతుంది, కారు అద్దెకు తీసుకోవాల్సిందే. మాంట్రేలో భోజనం బాగుంటుంది గాని రెండు చోట్లకూ దూరమే. ఆదివారం సాయంత్రం, సోమవారం చిన్న ఊళ్లలో హోటళ్లు మూసేస్తారు. శాకాహారులు ముందురోజే సూపర్‌మార్కెట్‌లో రొట్టె, జున్ను, పళ్లు కొనిపెట్టుకోవాలి.

లండన్ వైపు ఉండే తెలుగువాళ్లు కారుతో కలే మీదుగా వచ్చి ఒక రాత్రి ఉండి వెళ్లొచ్చు. భారత పాస్‌పోర్టు ఉంటే బ్రిటన్ వీసా సరిపోదు, షెంగెన్ వీసా వేరుగా కావాలి. అసలైన లాంగ్‌బోలు మాత్రం ఈ రెండు ఊళ్లలో వెతికి లాభం లేదు. వాటికి ఇంగ్లండ్‌లో పోర్ట్‌స్మత్‌లోని మేరీ రోజ్ మ్యూజియం చూడాలి. 1545లో మునిగిన మేరీ రోజ్ ఓడలో వందకు పైగా విల్లులు దొరికాయి. చాలావాటి పొడవు మనిషెత్తును మించుతుంది, లాగడానికి 100 పౌండ్లకు పైగా బలం కావాలి. టికెట్ ఖరీదైనదే అయినా, ఆ విల్లుల మందం చూశాక ఇంగ్లిష్ రాజులు పల్లెవాళ్ల చేత సెలవు రోజుల్లో విలువిద్య సాధన ఎందుకు చేయించారో అర్థమవుతుంది.