పుట్టినరోజుల లెక్క: గుణించుకుంటూ పోవడం మేలా, జతలు లెక్కపెట్టడం మేలా?

గదిలో 23 మంది ఉంటే చాలు, వారిలో ఏ ఇద్దరిదో పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుంది. దీన్ని పిల్లలకు ఏ దారిలో చెప్పాలని సాటి ఉపాధ్యాయులు తరచూ అడుగుతుంటారు. రెండు దారులూ తరగతిలో నడిచి చూశాను.

మొదటిది గుణకారం. ఎవరి తేదీలూ కలవకపోయే అవకాశాన్ని ముందు లెక్కకడతాం. మొదటివారిది ఏ తేదీ అయినా సరే. రెండోవారికి 365లో 364 తేదీలు మిగులుతాయి, మూడోవారికి 363, చివరికి 23వ వారికి 343. ఈ భిన్నాలన్నిటినీ గుణిస్తే 0.493 వస్తుంది. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే 50.7 శాతం. 22 మంది దగ్గర ఆగితే 47.6 శాతమే. జవాబులో వంక పెట్టడానికేమీ లేదు. అయినా లెక్క ముగిశాక ఎవరో ఒకరు లేచి, "365 రోజులుంటే 23 మంది ఎలా సరిపోతారు?" అని అడుగుతారు.

నా దృష్టిలో ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన దారే మంచి దారి. అడిగిన పిల్ల మనసులో ఉన్నది తన పుట్టినరోజు. మిగతా 22 మందిలో దానితో కలిసేవారు ఉండే అవకాశం సుమారు 6 శాతమే. అది సగం దాటాలంటే తను కాక ఇంకా 253 మంది కావాలి. ఆ పిల్ల అంచనా సరైనదే, కాకపోతే అది వేరే ప్రశ్నకు జవాబు. ఇక్కడ ఎవరిది ఎవరితో కలిసినా చాలు.

అందుకే నేను ముందు కరచాలనాలు చేయిస్తాను. మొదటివారు 22 మందితో చేతులు కలుపుతారు, రెండోవారు మిగిలిన 21 మందితో, అలా చివరి ఇద్దరి దాకా. కూడితే 253 జతలు. మళ్లీ అదే 253! ఒక్క తేదీ కోసం 253 మందిని అడిగినా, 23 మందిని జతలుగా పోల్చినా, 365లో ఒక వంతు అవకాశాన్ని 253 సార్లు పరీక్షించినట్టే. ఈ మాట దగ్గర పిల్లల ముఖాలు విప్పారతాయి.

ఈ దారిలో ఒక గుంట ఉంది. పిల్లలు 253ను 365తో భాగించి 69 శాతం అనేస్తారు. అది తప్పని చూపడానికి 28 మందిని తీసుకోమంటాను. జతలు 378, అంటే నూరు శాతం దాటిపోయింది! ఒకే గదిలో రెండు మూడు జతలు కలిసినా, ఆ గదిని ఒక్కసారి కాక జతకోసారి లెక్కపెట్టడం వల్ల వచ్చే చిక్కిది. కూడకుండా 364/365ను 253 సార్లు గుణిస్తే 0.4995 వస్తుంది, అసలు జవాబుకు చాలా దగ్గర. ఖచ్చితమైన అంకె కోసం గుణకారం దారికి ఆ తర్వాత వస్తాను.

చీటీలు తీయించే పద్ధతీ ఉంది గానీ, నమ్మకం కలగాలంటే చాలాసార్లు తీయాలి, పీరియడు చాలదు.

హాజరుపట్టీతో సరిచూసేవారు తేదీలు ఎలా నమోదయ్యాయో గమనించాలి. పాత తరంలో చాలామందికి బడిలో చేర్చేటప్పుడే జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ రాసేసేవారు. అలాంటి పట్టీలో జతలు ఇంకా తొందరగా దొరుకుతాయి. తేదీలు ఒకచోట గుమిగూడితే అవకాశం పెరుగుతుందే తప్ప తగ్గదు.