ఆరేళ్లు వాట్సాప్‌నే ఆల్బమ్‌లా వాడాక

మాది పర్లాకిమిడి. మా ఇంటి ఫొటోలన్నీ ఫ్యామిలీ గ్రూపులోనే ఉంటాయి, వేరే ఆల్బమ్ అంటూ లేదు. ఆరేళ్లుగా వాడుతున్నాను. కబుర్లకు వంక పెట్టడానికేమీ లేదు కానీ, ఫొటోలు దాచుకోవడానికి మాత్రం పనికిరాదని నాన్న సంవత్సరీకానికి గానీ తెలిసిరాలేదు.

గ్రూపులో ఉన్న నాన్న ఫొటోను పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ఫ్రేముకి ఇచ్చాను. స్టూడియో అబ్బాయి పెద్దది చేసి చూపించాడు. గడ్డం వెంట్రుకలు మైనం పూసినట్టు అలుక్కుపోయాయి, కాలర్ అంచున చిన్న చిన్న గళ్లు. డీటెయిల్స్ తెరిస్తే 1600×1200, 180 కేబీ. 1600 చుక్కలను 18 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 89 వస్తాయి. కనీసం 200 అయినా ఉండాలన్నాడు.

మనం సేవ్ చేసినప్పుడు పాడైందనుకుంటాం గానీ, తప్పు అక్కడ లేదు. మామూలుగా పంపితే ఫొటో పంపినవాళ్ల ఫోన్ దాటకముందే చిన్నదై, కుదించుకుపోతుంది. కాబట్టి మళ్లీ డౌన్‌లోడ్ చేసినా, గ్రూపులో ఇంకొకరిని అడిగినా అదే కాపీ వస్తుంది. పంపినవాళ్ల ఫోన్లో `Sent` ఫోల్డర్లో ఉండేదీ కుదించినదే. అసలుది ఉంటే `DCIM/Camera`లో ఉండాలి, అంటే తీసినవాళ్ల దగ్గర.

తీసింది రాయగడలో ఉండే మా బావ. నా కాపీ పేరు `IMG-20220309-WA0014.jpg`. దాన్ని చూసి 2022 మార్చి ఫొటోలన్నీ వెతికించాను, పాపం గంటసేపు. తీరా చూస్తే అది నాకు ఫొటో అందిన తేదీ, తీసిన తేదీ కాదు! తీసిన తేదీ, కెమెరా వివరాలు దారిలోనే పోతాయి. చివరికి అక్క పట్టుకుంది: "నాన్న కట్టుకున్నది సంక్రాంతి పంచె కదరా, 2021ది." బావ ఫోన్ అప్పటికే మారిపోయింది. అయితే పాత ఫోన్లో గూగుల్ ఫొటోస్ బ్యాకప్ ఆన్‌లో ఉండబట్టి ఆ జనవరి ఫొటోల్లో దొరికింది: 4000×3000, నాలుగు ఎంబీ పైనే. బ్యాకప్ సెట్టింగ్ `Original quality`లో ఉండటం మా అదృష్టం. `Storage saver` అయితే అక్కడా కొంత కుదింపు ఉంటుంది.

దొరికిన ఆనందంలో బావ దాన్ని మళ్లీ మామూలు ఫొటోలాగే పంపారు. మళ్లీ 1600.

"బావా, అటాచ్ గుర్తు నొక్కి డాక్యుమెంట్‌గా పంపండి."

"ఫొటోని డాక్యుమెంట్ అంటావేమిట్రా?"

అలా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ బటన్ మామూలు కన్నా మేలే, కానీ అదీ కుదిస్తుంది. ఈసారి అంగుళానికి 222 చుక్కలు వచ్చాయి. ఫ్రేములో నాన్న గడ్డంలో నెరిసిన వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తున్నాయి.