5 రెప్సా, 10 రెప్సా, 25 రెప్సా: ఏది మేలు?

"అన్నా, ఎన్ని రెప్స్ కొట్టాలి?" జిమ్‌లో సాయంత్రం బ్యాచ్‌లో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ నన్ను అడిగేది ఇదే. రెప్ అంటే బరువును ఒకసారి ఎత్తి దించడం. ఆగకుండా వరుసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్. చాలామందికి జవాబు ముందే తెలుసు కూడా. బలానికి 1 నుంచి 5, సైజుకు 6 నుంచి 12, స్టామినాకు 15 పైన. ఈ లెక్క తప్పు కాదు. కానీ ఇందులో అసలు విషయం ఒకటి లేదు. అది తెలియక నెలల తరబడి కష్టం వృథా చేసుకున్నవాళ్లను చూశాను. మొన్న మా ఇంట్లోనే ఒకరు దొరికారు.

మా బావమరిది నాలుగు నెలలుగా 7.5 కిలోల డంబెల్స్‌తో బైసెప్ కర్ల్స్ చేస్తున్నాడు. మూడు సెట్లు, సెట్‌కు 15. ఒక్కరోజు కూడా మానలేదు. చెయ్యి కొలత మాత్రం మొదటి నెల ఎంత ఉందో ఇప్పుడూ అంతే. ఒక ఆదివారం నాతో పాటు జిమ్‌కు వచ్చాడు. 15 అవగానే డంబెల్స్ దించబోయాడు.

"ఆపకు, కానివ్వు" అన్నాను.

"15 అయిపోయాయి బావా."

"లెక్క నేను చూసుకుంటా. నీ చేయి పైకి రాదన్నప్పుడు దించు."

27 పూర్తయ్యాక చేయి సగంలో ఆగిపోయింది. అంటే ఇన్నాళ్లూ అతను ప్రతి సెట్టూ ఇంకో 12 రెప్స్ చేయగలిగి ఉండగానే ఆపేస్తున్నాడు. కాగితం మీద 15, కండకు మాత్రం అది వార్మప్.

నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదే: సెట్ ఆపేసరికి నీలో ఇంకా ఎన్ని రెప్స్ మిగిలి ఉన్నాయి? ఒకటి, రెండు, మహా అయితే మూడు మిగిలితే ఆ సెట్ కండకు పనికొచ్చింది. పది మిగిలితే, నువ్వు ఏ రేంజ్‌లో ఉన్నా పెద్ద తేడా రాదు.

దీనికి కారణం కండ పనిచేసే తీరులో ఉంది. కండలోని పోగులన్నీ ఒకేసారి పనిలోకి దిగవు. బరువు తేలికగా ఉంటే శరీరం చిన్న పోగులతోనే పని కానిస్తుంది. పెద్ద పోగులకు బలమూ, పెరిగే గుణమూ ఎక్కువ. వాటిని అవసరం పడితేనే పిలుస్తుంది. ఆ అవసరం రెండు రకాలుగా వస్తుంది. బరువు బాగా ఎక్కువైతే మొదటి రెప్ నుంచే వస్తుంది. తేలికైన బరువైతే చిన్న పోగులు అలిసిపోయాక, సెట్ చివర్లో వస్తుంది. మా బావమరిది ఆ చివరిదాకా ఎప్పుడూ వెళ్లలేదు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు. 2015లో న్యూయార్క్‌లో వ్యాయామ పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటికే జిమ్ అలవాటున్న 18 మంది మగవాళ్లతో 8 వారాలు ఒక ప్రయోగం చేసింది. సగం మంది 8–12 రెప్స్, మిగతా సగం 25–35 రెప్స్, అందరూ ఇక చేయలేమన్నంత వరకూ. కండ పెరుగుదల రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకేలా వచ్చింది. స్క్వాట్ బలం బరువు ఎక్కువ ఎత్తినవాళ్లకు ఎక్కువ పెరిగింది. తేలికైన బరువును ఎక్కువసార్లు నెట్టే శక్తి రెండో గుంపుకు ఎక్కువ పెరిగింది. అంటే సైజు విషయంలో రేంజ్ అనుకున్నంత ముఖ్యం కాదు. బలం, స్టామినా విషయంలో మాత్రం ముఖ్యమే.

బలంలో ఎందుకు తేడా వస్తుంది? బరువెత్తడం సగం కండ పని, సగం నేర్పు. ఏ కండ ఎప్పుడు బిగియాలి, ఊపిరి ఎక్కడ పట్టాలి, బార్ ఏ దారిలో వెళ్లాలి అన్నది నరాల వ్యవస్థ నేర్చుకోవాలి. ఆ పాఠం భారీ బరువు మోస్తున్నప్పుడే వస్తుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో మన శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. ఆ ఆటలో ప్రతి ప్రయత్నమూ ఒకే ఒక్క రెప్. దానికి సిద్ధమయ్యేవాళ్లు 20 రెప్స్ సెట్లతో గడపలేరు.

మరి అందరూ 3, 5 రెప్స్‌తో ఎత్తితే బలమూ సైజూ రెండూ వస్తాయి కదా? వస్తాయి. కానీ ఖర్చు చూడండి. అదే బృందం 2014లో ఇంకో పోలిక చేసింది. ఒక గుంపు 3 రెప్స్ చొప్పున 7 సెట్లు, మరో గుంపు 10 రెప్స్ చొప్పున 3 సెట్లు. మొత్తం ఎత్తిన బరువు ఇద్దరికీ సుమారు సమానం. కండ పెరుగుదలా సమానమే. అయితే 10 రెప్స్ వాళ్ల వర్కౌట్ సుమారు 17 నిమిషాల్లో అయిపోతే, 3 రెప్స్ వాళ్లకు 70 నిమిషాలు పట్టింది. బరువు ఎక్కువైతే సెట్‌కూ సెట్‌కూ మధ్య మూడేసి నిమిషాలు కూర్చోవాల్సిందే. పైగా భుజాలు, మోకాళ్లు, మోచేతులు మోసే భారం వేరు.

అందుకే ఉద్యోగం ముగించుకుని గంటసేపు జిమ్‌కు వచ్చే మనిషికి నేను 6–12 వైపే మొగ్గుతాను. ఇంకో కారణం కూడా ఉంది. ఎన్ని రెప్స్ మిగిలాయో అంచనా వేయడం ఈ రేంజ్‌లోనే తేలిక. 25 రెప్స్ సెట్‌లో 16 దగ్గరే కండ మండడం మొదలవుతుంది. మంటకూ అలసటకూ తేడా తెలియక అక్కడే ఆపేస్తారు. 10 రెప్స్ సెట్‌లో గుర్తు స్పష్టం: నువ్వు అంతే గట్టిగా నెడుతున్నా బార్ వేగం తగ్గుతుంది. ఏడో రెప్ వెళ్లినంత చురుగ్గా తొమ్మిదోది వెళ్లదు. అలా వేగం తగ్గాక ఇంకో ఒకటో రెండో చేసి దించితే చాలు.

ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. బెంచ్ ప్రెస్‌లో 60 కిలోలు కష్టపడి 10 సార్లు నెట్టగల మనిషి ఉన్నాడు. బరువును రెప్స్‌తో గుణించి 30తో భాగిస్తే 20. దాన్ని 60కి కలిపితే 80 కిలోలు. అతను ఒక్కసారి ఎత్తగల బరువు దాదాపు అంత. అతనికి బలం కావాలంటే 67.5 కిలోలతో 4, 5 రెప్స్ చొప్పున నాలుగైదు సెట్లు, బార్ జారితే పట్టుకోవడానికి పక్కన స్పాటర్‌తో. సైజు కావాలంటే 57.5 లేదా 60తో 8–10 చొప్పున మూడు సెట్లు. స్టామినాకు 40తో 25 దాకా. ఈ సూత్రం 10 రెప్స్ లోపు బాగా కుదురుతుంది. పైకి పోయేకొద్దీ మనిషి మనిషికీ తేడా పెరుగుతుంది, కాబట్టి 40 కిలోల దగ్గర ప్రయత్నించి చూసి సర్దుకోవాలి.

నేనైతే వారంలో మొదటి వ్యాయామం మాత్రం 5 రెప్స్‌తో చేస్తాను. స్క్వాట్ లేదా బెంచ్, అంతవరకే. మిగతావన్నీ 8–12. ఏడాది పాటు 8–12 మాత్రమే చేసి చూశాను. కండ పెరిగింది గానీ, బరువు పెంచినప్పుడల్లా బార్ భుజం మీద కొత్తగా అనిపించేది. 5 రెప్స్ సెట్లు కలిపాక ఆ బెదురు పోయింది.

ఎక్కువ రెప్స్‌ను స్క్వాట్, డెడ్‌లిఫ్ట్‌లలో నేను సిఫారసు చేయను. 25 స్క్వాట్స్‌లో తొడలకన్నా ముందు ఊపిరి అయిపోతుంది, ఆ తర్వాత నడుము వంగుతుంది. తొడలకు చేరాల్సిన పని చేరదు. అదే భుజాలకు చేసే లాటరల్ రైజ్, పిక్కలకు చేసే కాఫ్ రైజ్, తొడలకు చేసే లెగ్ ఎక్స్‌టెన్షన్ లాంటి వాటిలో 15–25 చక్కగా పనిచేస్తుంది. ఎక్కువ రెప్స్ చేస్తే పొట్ట తగ్గి కండల గీతలు తేలే కటింగ్ వస్తుందన్న మాట మాత్రం నిజం కాదు. కటింగ్ కనిపించేది ప్రధానంగా తిండి అదుపుతో ఒంట్లో కొవ్వు తగ్గినప్పుడే.

స్టామినా గురించి ఒక సంగతి. ఆర్మీ ర్యాలీకి సిద్ధమయ్యే పిల్లలు నా దగ్గరికి వస్తుంటారు. అక్కడ 10 పుల్-అప్స్ తీస్తే పూర్తి మార్కులు. 10 అంటే స్టామినా పరీక్ష అనుకుని, మూడు మాత్రమే తీయగల కుర్రాడు మెషీన్ మీద తేలిక బరువు పెట్టి 30 రెప్స్ లాగుతుంటాడు. అతనికి కావాల్సింది స్టామినా కాదు, బలం. అతని ఒంటి బరువే అతనికి మూడు రెప్స్ బరువు. కాబట్టి రెండేసి పుల్-అప్స్ చొప్పున ఆరు సెట్లు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. చివర్లో స్టూల్ మీద నుంచి పైకి ఎక్కి నాలుగైదు సెకన్లలో మెల్లగా దిగడం ఓ మూడుసార్లు. 7 దాటాక అప్పుడు ఎక్కువ రెప్స్ వైపు వెళ్లాలి. పుష్-అప్స్ 40 కొట్టేవాడిది దీనికి తలకిందులు. వాడికి ఎక్కువ రెప్సే దారి. పరుగు స్టామినా మాత్రం పరిగెత్తితేనే వస్తుంది.

రేంజ్‌ను ఎంచుకోనివ్వని ఇబ్బంది ఇంకొకటి ఉంది. అది మన జిమ్‌ల డంబెల్ ర్యాక్. చాలాచోట్ల 2.5 కిలోల అంచెలే ఉంటాయి. 40 నుంచి 42.5కి వెళ్లడం చిన్న అడుగు. 5 నుంచి 7.5కి వెళ్లడమంటే బరువు ఒకేసారి సగం పెరిగినట్టు. లాటరల్ రైజ్‌లో 5 కిలోలతో 12 చేసినవాడు 7.5 పట్టుకుంటే ఒళ్లంతా ఊపి విసురుతాడు. పని భుజం నుంచి నడుముకు వెళ్తుంది. అలాంటి చోట 12 దగ్గర ఆగకుండా 20, 25 వరకూ వెళ్లి, ఆ తర్వాతే పెద్ద డంబెల్ తీసుకోవాలి.

మా బావమరిదికి కూడా అదే చెప్పాను. ఆ వారమే 10 కిలోలు ఇస్తే 12 వచ్చాయి, పన్నెండోది నిజంగా కష్టపడి. అప్పుడే 12.5 పట్టుకుంటానన్నాడు. లెక్క వేస్తే దానితో నాలుగు కన్నా ఎక్కువ రావు, అవి కూడా నడుము ఊపి. 10తో 18 వచ్చేదాకా ఆగమన్నాను. అప్పుడు 12.5తో 8 వస్తాయి. ఇప్పుడు 16 దగ్గర ఉన్నాడు. నోట్‌బుక్‌లో రెప్స్ పక్కన ఇంకో గడి గీసుకుని, ఆపేసరికి ఎన్ని మిగిలాయో అందులో రాసుకుంటున్నాడు.