mAP50 చూడాలా, mAP50-95 చూడాలా?

ఈ రెండూ ఫొటోలో వస్తువులను వెతికి చుట్టూ పెట్టె గీసే డిటెక్టర్లకిచ్చే మార్కులు. అలాంటి రెండు డిటెక్టర్లను మొత్తం 10 కార్లున్న ఫొటోల మీద నడిపామనుకుందాం. మొదటిది 9 కార్లను పట్టుకుంది, కానీ ప్రతి పెట్టె కాస్త పక్కకి జరిగింది. 100×100 పిక్సెళ్ల కారుకి పెట్టె అడ్డంగా 20 పిక్సెళ్లు జరిగితే ఉమ్మడి వైశాల్యం 8000, రెండూ కలిసి కప్పేది 12000. 8000ను 12000తో భాగిస్తే వచ్చే ఐఓయూ 0.67. రెండోది 7 కార్లనే పట్టుకుంది, కానీ ఐఓయూ 0.92. తప్పుడు పెట్టెలు రెండింటిలోనూ లేవు.

mAP50లో ఐఓయూ 0.5 దాటితే చాలు. మొదటిదానికి సుమారు 0.9, రెండోదానికి 0.7. mAP50-95 మాత్రం ఐఓయూ 0.50 నుంచి 0.95 వరకు 0.05 తేడాతో 10 గీతల దగ్గర కొలిచి సగటు తీస్తుంది. మొదటిది 0.65 దాకానే నిలుస్తుంది, ఆపైన దాని పెట్టెలన్నీ తప్పుల కిందే లెక్క. 4 గీతలే దాటింది కాబట్టి 0.36. రెండోది 9 దాటి 0.63 తెచ్చుకుంటుంది. గెలుపు తారుమారైంది!

కార్లు లెక్కపెట్టడమే పనైతే నేను మొదటిదాన్నే తీసుకుంటాను. రోబో చెయ్యి వస్తువును పట్టుకోవాలంటే రెండోది.

చిన్న వస్తువుల దగ్గర జాగ్రత్త. పెట్టె అడ్డంగా, నిలువుగా 4 పిక్సెళ్లు జరిగితే 100×100 వస్తువుకి ఐఓయూ 0.85, అదే 20×20 వస్తువుకి 0.47.

ఇక ప్రెసిషన్-రీకాల్ వక్రరేఖ తప్పక గీయండి. ప్రెసిషన్ అంటే గీసిన పెట్టెల్లో సరైనవి ఎంత వంతు, రీకాల్ అంటే ఉన్న వస్తువుల్లో దొరికినవి ఎంత వంతు. mAP ఆ వక్రరేఖల కింది వైశాల్యాల సగటే. మీరు వాడబోయే కాన్ఫిడెన్స్ హద్దు దగ్గర ఎన్ని తప్పుడు పెట్టెలొస్తాయో ఆ సగటు చెప్పదు.