ఫైబ్రాయిడ్ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు స్కాన్ రిపోర్టు మొత్తం చదవండి

ఇంటికొచ్చి గంట కూడా కాలేదు. కోపంలోనే రాస్తున్నాను, అక్షరదోషాలుంటే సర్దుకుని చదవండి. ఆ ఆపరేషన్ ప్యాకేజీల వాళ్ళు మీకు తెలుసు, ఫోన్ తెరిస్తే వాళ్ళ ప్రకటనలే. పేరు రాయను. నాలుగు నెలల క్రితం వాళ్ళకి 68,000 కట్టాను.

నాకు 36 ఏళ్ళు, ఒక పాప. రెండేళ్ళుగా నెలసరి ఎనిమిది రోజులు. మొదటి మూడు రోజులు గంటన్నరకో ప్యాడ్ మార్చాలి, గడ్డలు గడ్డలుగా పోయేది. హిమోగ్లోబిన్ 7.9కి పడిపోయింది. దానికి తోడు నొప్పి. స్కాన్ తీయించారు, గర్భసంచి లోపలి పొరవైపు రెండున్నర సెంటీమీటర్ల ఫైబ్రాయిడ్ ఉందన్నారు. "అది తీసేస్తే బ్లీడింగూ నొప్పీ రెండూ పోతాయి మేడం" అంది కౌన్సెలర్ అమ్మాయి. కింద నుంచే కెమెరా గొట్టం పంపి తీశారు, కోత లేదు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాను.

బ్లీడింగ్ తగ్గింది, అది ఒప్పుకుంటాను. ఇప్పుడు అయిదు రోజులే. కానీ నొప్పి ఇసుమంత కూడా తగ్గలేదు. మూడు నెలసర్లు చూసి ఇవాళ రివ్యూకి వెళ్ళాను. డాక్టరు కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు. నొప్పి ఎప్పుడు మొదలవుతుంది, ఎక్కడ వస్తుంది, ఒక్క ప్రశ్న వేయలేదు. "అయితే గర్భసంచి తీసేద్దాం. పాప ఉందిగా, ఇంకెందుకమ్మా అది?" అన్నాడు. నేనింకా కుర్చీలోంచి లేవకముందే ఆ కౌన్సెలర్ కొత్త కాగితం తెచ్చింది. 1,10,000. పాత పేషెంటుని కాబట్టి పదివేలు తగ్గిస్తారట, ఈ రోజే అడ్వాన్సు కడితే.

నా ఒంట్లో ఒక అవయవం గురించి అరనిమిషంలో తేల్చేశారు. అక్కడే ఏడుపొచ్చింది.

తిన్నగా మా వీధి చివర క్లినిక్‌కి వెళ్ళాను. ఆ డాక్టరమ్మ ముందు రిపోర్టులు ముట్టుకోలేదు, నన్ను అడిగింది. నొప్పి బ్లీడింగుతోపాటు వస్తుందా, ముందే వస్తుందా? రెండు రోజుల ముందే వస్తుందండీ. ఆ రోజుల్లో విరేచనానికి కూర్చుంటే నొప్పి ఉంటుందా? ఉంటుంది, కత్తితో పొడిచినట్టు. కలయికలో లోపల లోతుగా నొప్పి? ఉంది, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పాప తర్వాత రెండోసారి నిలవలేదా? మూడేళ్ళుగా లేదు.

అప్పుడు పాత స్కాన్ రిపోర్టు తీసింది. చివర 'ఇంప్రెషన్' అన్నచోట ఒకటే వాక్యం, ఫైబ్రాయిడ్ అని. ఆవిడ పైకి వెళ్ళి రెండో పేరాలో ఒక లైను మీద వేలు పెట్టింది: ఎడమ అండాశయంలో 4.2 సెంటీమీటర్ల సిస్టు, లోపలంతా లో లెవెల్ ఎకోస్. "ఇది చదివారా?" అంది. నేను చదవలేదు. ఆ కాగితం నాలుగు నెలలు నా బీరువాలోనే ఉంది. చదువుకున్నదాన్ని, చివరి లైను చూసి ఊరుకున్నాను. ఆ తప్పు నాది. మరి ఆపరేషన్ చేసినవాళ్ళు?

అక్కడికక్కడే మళ్ళీ స్కాన్ చేసింది. సిస్టు అలాగే ఉంది. తెర నాకు చూపించింది. మామూలు నీటిబుడగ అయితే నల్లగా, ఖాళీగా కనిపిస్తుందట. నాది అంతటా ఒకేలా బూడిదరంగులో, గరుకు అద్దం వెనక నుంచి చూసినట్టుంది. లోపలున్నది పాత రక్తం. అండాశయంలో అప్పటికప్పుడు రక్తం చేరిన సిస్టు కూడా ఒక్కోసారి ఇలా కనిపిస్తుందిగానీ, అది మామూలుగా రెండు మూడు నెలల్లో కరిగిపోతుంది. ఇది కరగలేదు. పైగా ప్రోబుతో మెల్లగా నొక్కితే జారాల్సిన అండాశయం గర్భసంచి వెనక అతుక్కుని కదల్లేదు. ఎండోమెట్రియోసిస్, అంది.

నాకర్థమైనంతలో తేడా ఇది. ఫైబ్రాయిడ్ అంటే గర్భసంచి కండరంలోనే పెరిగే గడ్డ, క్యాన్సర్ కాదు. అది ఎక్కడుందన్నదే ముఖ్యం. లోపలి పొరలోకి పొడుచుకొస్తే చిన్నదైనా బ్లీడింగ్ ఎక్కువ చేస్తుంది. బయటి వైపున్నది పెద్దదైనా బ్లీడింగ్ మీద అంతగా ప్రభావం చూపదు, మూత్రాశయం మీద బరువు పెడుతుంది. ఎండోమెట్రియోసిస్‌లో గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం బయట పెరుగుతుంది, అండాశయం మీద, పేగుల దగ్గర, గర్భసంచి వెనక. వాచి, మచ్చలు కట్టి, ఒకదానికొకటి అతికిస్తుంది. అందుకే నొప్పి ముందే మొదలై లోతుగా ఉంటుంది. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, నాకున్నాయి. నా బ్లీడింగ్ ఫైబ్రాయిడ్‌ది, నా నొప్పి దీనిది. గర్భసంచి లోపలికి పంపిన కెమెరాకి బయటున్నది ఎలా కనిపిస్తుంది?

ఇంకో మాట కూడా చెప్పింది. నాకు సిస్టు ఉంది కాబట్టి స్కాన్‌లో దొరికింది. పలచటి మచ్చల్లా పరుచుకున్న ఎండోమెట్రియోసిస్ మామూలు స్కాన్‌లో కనబడనే కనబడదు. 'స్కాన్ నార్మల్, నీకేం లేదు' అని పంపేసిన చెల్లెళ్ళు ఎవరైనా ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

గర్భసంచి తీసేస్తే పోతుందా అని అడిగాను. గర్భసంచి ఒక్కటే తీసి ఈ సిస్టునీ అతుకుల్నీ వదిలేస్తే నొప్పి ఉండిపోవచ్చట. అండాశయాలు కూడా తీసేస్తే 36 ఏళ్ళకే ముట్లుడిగిపోతాయి, ఎముకలకీ గుండెకీ మంచిది కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఎనిమిదిమందికి పైనే. ఇవాళ నేను కూడా ఆ లెక్కలో చేరిపోయేదాన్నే.

ప్రస్తుతానికి రోజుకో డైనోజెస్ట్ 2 మిల్లీగ్రాముల హార్మోన్ మాత్ర రాసింది. మొదటి నెలల్లో ఎప్పుడు పడితే అప్పుడు మరకలు కనిపించొచ్చు, భయపడి మానేయొద్దంది. మనసు బాగా దిగులుగా అనిపిస్తే మాత్రం వెంటనే రమ్మంది. మూడు నెలలకి మళ్ళీ స్కాన్. ఇది ఫైబ్రాయిడ్‌ని కరిగించే మందు కాదు, వేసుకున్నంత కాలం గర్భం కోసం ప్రయత్నించడమూ కుదరదు. రెండో బిడ్డ కావాలనుకుంటే దారి వేరు. సిస్టు కోసి తీస్తే దాంతోపాటు కొన్ని అండాలూ పోతాయి కాబట్టి, కత్తి పెట్టకముందే అండాల నిల్వ ఎంతుందో చెప్పే ఏఎంహెచ్ రక్తపరీక్ష చేయించాలి. ఇక పిల్లలు వద్దనుకుంటే గర్భసంచిలో పెట్టే హార్మోన్ లూప్ కూడా ఉంది, బ్లీడింగుకీ నొప్పికీ రెండిటికీ పనిచేస్తుంది. ఫైబ్రాయిడ్ లోపలికి పొడుచుకుని ఉంటే మాత్రం జారిపోవచ్చు.

ఇవేవీ ఆ ప్యాకేజీ కాగితంలో లేవు. ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు.

మీకు చెప్పేది ఇంతే. రిపోర్టులో ఇంప్రెషన్ ఒక్కటే కాదు, పై పేరాల్లో రెండు అండాశయాల గురించి ఏం రాశారో చదివి డాక్టరుని అడగండి. నొప్పి ఏ రోజు మొదలై ఏ రోజు ఆగిందో రెండు నెలలు క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని తీసుకెళ్ళండి. ఈ రోజే కడితే తగ్గింపు అన్నచోట కట్టకండి.

పాత రిపోర్టు, ఇవాళ్టి రిపోర్టు, 68,000 బిల్లు మూడూ జిరాక్సు తీయించాను. రేపు పొద్దున్నే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తున్నాను. మీలో ఎవరికైనా వాళ్ళ దగ్గర ఇలాగే జరిగితే కింద రాయండి.