165/80 R14 తీసి 185/70 R14 వేశాక: మూడేళ్ల వాడకం

నాది పాత మోడల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ. కంపెనీ వేసిన 165/80 R14 టైర్లు అరిగిపోయాక, ఈసారి కాస్త వెడల్పువి వేయిద్దామని బెంగళూరు జేసీ రోడ్డులో ఒక షాపుకి వెళ్లాను. "185/65 ఉంది సార్, మీ పద్నాలుగు రిమ్ముకే కూర్చుంటుంది" అన్నాడు షాపతను, తెలుగులోనే. కూర్చునే మాట నిజమే. మెలికంతా గీత తర్వాతి అంకెలో ఉంది.

ఆ అంకె మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో శాతం. 165లో 80 శాతం, అంటే సైడ్‌వాల్ ఎత్తు 132 మి.మీ. 185లో 65 శాతం అయితే 120 చిల్లర. టైరు వెడల్పయింది కానీ పొట్టిదైంది. మొత్తం వ్యాసం కావాలంటే సైడ్‌వాల్‌ను రెండింతలు చేసి (రిమ్ముకి పైనా కిందా ఉంటుంది కదా) రిమ్ము కొలత కలపాలి. రిమ్ము ఒక్కటే అంగుళాల్లో ఉంటుంది కాబట్టి 14ని 25.4తో గుణించాలి. షాపులోనే ఫోన్‌లో వేసిన లెక్క ఇది, మిల్లీమీటర్లలో:

```
165/80 R14: 132 × 2 + 355.6 = 619.6
185/65 R14: 120.25 × 2 + 355.6 = 596.1
185/70 R14: 129.5 × 2 + 355.6 = 614.6
```

185/65 వేస్తే వ్యాసం 23.5 మి.మీ. తగ్గుతుంది. అందులో సగం, దాదాపు 12 మి.మీ., బండి కిందికి దిగుతుంది. మా మారతహళ్లి లోపలి రోడ్ల హంపులకి అది చాలు, అడుగు రాసుకోవడానికి. పైగా స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే నిజంగా వెళ్లేది 96. 185/70తో తేడా 5 మి.మీ. మాత్రమే, వేగంలో ఒక శాతం కూడా లేదు. కొత్త టైరు పూర్తిగా అరిగేసరికే వ్యాసం అంతకు రెట్టింపు తగ్గుతుంది. అందుకే దాన్నే వేయించాను. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే లోడ్ ఇండెక్స్ కూడా 85 నుంచి 88కి పెరిగింది, తగ్గకపోతే చాలు.

ఇంటికొచ్చి ట్రెడ్ మీద టేపు పెడితే 185 రాదు, కంగారు పడకండి. ఆ కొలత ట్రెడ్‌ది కాదు, గాలి నింపాక రెండు సైడ్‌వాల్‌ల ఉబ్బు మధ్యది. అదీ రిమ్ము వెడల్పుని బట్టి మారుతుంది: రిమ్ము అర అంగుళం సన్నమైతే టైరు సుమారు 5 మి.మీ. ముడుచుకుంటుంది.

వాడకంలో చూస్తే, తడి రోడ్డు మీద బ్రేకు పట్టు బాగా పెరిగింది. అనంతపురం హైవే మీద లేన్ మారేటప్పుడు ఊగడం తగ్గింది. పార్కింగ్‌లో స్టీరింగ్ కొంచెం బరువు, మైలేజీ కొంచెం తక్కువ. స్టెప్నీ మాత్రం పాత 165/80నే ఉంచాను. 5 మి.మీ. తేడాతో పంక్చర్ షాపు దాకా నెమ్మదిగా వెళ్లొచ్చు. ముందు చక్రం పంక్చరైతే మాత్రం వెనకది ముందుకు మార్చి, స్టెప్నీని వెనక వేస్తాను. స్విఫ్ట్‌కి ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే, అవి రెండూ ఒకే సైజులో ఉండాలి.